మోకాలి బయటివైపు నొప్పి: ఎమ్మారై కంటే ముందు సీటు ఎత్తు, క్లీట్లు చూసుకోండి

ప్రశ్న: వయసు 34, బెంగళూరు హెబ్బాళ్‌లో ఉంటాను. నాలుగు నెలలుగా రోడ్ బైక్ తొక్కుతున్నా. పోయిన నెల మామూలు షూస్ నుంచి, అడుగున ఉండే ముక్కతో పెడల్‌కు బిగుసుకునే క్లీట్ షూస్‌కి మారాను. అప్పటి నుంచి 30 కి.మీ. దాటగానే కుడి మోకాలి బయటివైపు సూదులు గుచ్చినట్టు నొప్పి. నంది కొండ ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ. ఇంటికొచ్చాక మెట్లు దిగలేను. రెండు రోజుల్లో తగ్గిపోతుంది, మళ్లీ ఆదివారం అదే కథ. రోజూ ఫోమ్ రోలర్ చేస్తున్నా, లాభం లేదు. ఎమ్మారై తీయించాలా? సైక్లింగ్ మానేయాలా? డిసెంబర్‌లో గడువులోపు పూర్తి చేయాల్సిన 200 కి.మీ. లాంగ్ రైడ్, బ్రెవే, ఉంది.

జవాబు:

ఇప్పటికైతే రెండూ అక్కర్లేదు. మీరు చెప్పిన తీరు చూస్తే ఇది తొడ బయటివైపు ఉండే ఐటీ బ్యాండ్ అనే పట్టీ దగ్గర వచ్చే చికాకు అయ్యే అవకాశమే ఎక్కువ. సీటు 5 మి.మీ. దించండి, కుడి క్లీట్ ఏ కోణంలో ఉందో చూడండి, రెండు మూడు వారాలు నొప్పి మొదలయ్యే దూరానికి ముందే ఆగిపోండి, తుంటి కండరాలకు వ్యాయామం ఇవాళే మొదలుపెట్టండి. నొప్పి ఉన్న చోట రోలర్ నొక్కడం మానేయండి. సరిగ్గా చేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చాలామంది గాడిలో పడతారు. మీ బ్రెవే మాట చివర్లో చెప్తాను.

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. జయనగర్‌లో క్లినిక్. సైక్లిస్టులకు బైక్ ఫిట్ కూడా చేస్తాను. మీలా ఫ్లాట్ పెడల్ నుంచి క్లీట్లకు మారిన నెలలోపే ఈ నొప్పితో వచ్చేవాళ్లు నా దగ్గర చాలామందే ఉంటారు. దానికి కారణం ఉంది, కానీ ముందు నొప్పి అదేనో కాదో తేల్చుకుందాం.

కుర్చీలో కూర్చుని కుడి మోకాలు 90 డిగ్రీలు వంచండి. బయటివైపు, తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య సందు వేలికి తగులుతుంది. ఆ సందు నుంచి రెండు మూడు సెంటీమీటర్లు పైకి వస్తే ఒక గట్టి ఎముక బుడిపె ఉంటుంది. దాని మీద బొటనవేలితో నొక్కి పట్టుకుని, కాలు మెల్లగా చాచండి. కాలు దాదాపు చాచేశాక, అంటే ఇంకో 30 డిగ్రీలు మిగిలి ఉన్నప్పుడు, "ఆ, ఇదే నొప్పి" అనిపిస్తే అనుమానం బలపడినట్టే. దీన్ని నోబుల్ టెస్ట్ అంటారు. రైడ్ అయిన సాయంత్రం చేస్తే బాగా తెలుస్తుంది. నొప్పి పూర్తిగా తగ్గిన గురువారం నాడు చేసి "ఏం లేదే" అనుకుంటే లెక్కలోకి రాదు.

నొప్పి బుడిపె మీద కాకుండా ఆ సందులోనే ఉండి, మోకాలు పట్టేసినట్టు ఆగిపోవడమో వాపు రావడమో ఉంటే ఆ సందులో మెత్తలా ఉండే మెనిస్కస్ గురించి ఆలోచించాలి. ఇంకాస్త వెనక్కి, మోకాలి వెనుక బయటి మూలలో తాడులా తగిలే నరం లాంటిదాని దగ్గర ఉంటే అది హామ్‌స్ట్రింగ్ టెండన్. దానికీ ఎత్తయిన సీటే కారణం కావచ్చు. పాదం పైభాగంలో తిమ్మిరి కూడా ఉంటే మోకాలి పక్కన వెళ్లే నరమో, నడుమో చూపించుకోవాలి. సైకిల్ సంగతి ఆ తర్వాత.

ఇక కారణం. ఐటీ బ్యాండ్ అనేది తుంటి దగ్గర కండరాల నుంచి మొదలై తొడ బయటి అంచు వెంబడి దిగి, మోకాలు దాటాక కింది ఎముకకు అతుక్కునే మందపాటి పట్టీ. మోకాలు 30 డిగ్రీల వంపు దగ్గరికి వచ్చినప్పుడు ఆ పట్టీ మీరు ఇందాక నొక్కిన బుడిపెను గట్టిగా అదుముతుంది. బండరాయి మీద తాడు రాసుకున్నట్టు పట్టీ ముందుకూ వెనక్కూ జారి ఒరుసుకుంటుందని ఒకప్పుడు చెప్పేవాళ్లు. పట్టీ నిజానికి తొడ ఎముకకు పీచులతో కట్టేసి ఉంటుందనీ, అంతగా జారదనీ, దాని కింద ఉన్న కొవ్వు పొర నలగడమే నొప్పికి మూలమనీ 2006లో వచ్చిన శరీర నిర్మాణ పరిశోధన చూపించింది. ఆ కొవ్వు పొరలో నరాల చివర్లు బాగా ఉంటాయి, అందుకే అంత పదునుగా గుచ్చుతుంది.

మీ రోలర్ ఎందుకు పని చేయలేదో కూడా దీంతోనే తెలుస్తుంది. నలిగి నొప్పెడుతున్న చోటనే ఒంటి బరువంతా మోపి మళ్లీ నలుపుతున్నారు. ఆ పట్టీ రోలర్‌కు సాగేది కూడా కాదు. రోలర్ మీద మోజు ఉంటే పిరుదు మీద, తొడ ముందు భాగంలో చేసుకోండి. మోకాలికి జానెడు పైన ఆపేయండి.

పెడల్ కింది చివరకు వచ్చినప్పుడు మోకాలు ఎంత చాచుకుంటుందనేది సీటు ఎత్తు మీద ఆధారపడుతుంది. సీటు సరిగ్గా ఉంటే ఆ కోణం 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది (కాలు పూర్తిగా చాచితే సున్నా అనుకోండి). అంటే మంచి ఫిట్ ఉన్నవాడు కూడా ఆ అదిమే చోటు అంచుకు వెళ్లి వస్తూనే ఉంటాడు. సీటు ఒక సెంటీమీటరో ఒకటిన్నరో పెరిగిందంటే అంచుకు వెళ్లి రావడం కాదు, పూర్తిగా దాని గుండా పోవడమే. నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పితే గంటకు 4,800 సార్లు. మొదటి గంట ఆ పొర ఓర్చుకుంటుంది, తర్వాత ఓర్చుకోదు. మీకు ప్రతిసారీ ఇంచుమించు ఒకే దూరం దగ్గర నొప్పి మొదలవడం ఈ సమస్యకు బాగా సరిపోయే లక్షణం.

"నేను సీటు ముట్టుకోనే లేదు, నాలుగు నెలలుగా అదే ఎత్తు" అంటారేమో. షూస్ మార్చారు కదా! రన్నింగ్ షూస్ అడుగు రెండు మూడు సెంటీమీటర్ల మందం ఉంటుంది. సైక్లింగ్ షూ అడుగు పలచన. క్లీట్, పెడల్ మందం కలిపినా చాలాసార్లు పాదం పెడల్ ఇరుసుకు మునుపటి కన్నా దగ్గరవుతుంది. అంటే కాలు అంత కిందికి చాచాలి. సీటు ముట్టుకోకుండానే సీటు పెరిగినట్టు లెక్క. దానికి తోడు ఫ్లాట్ పెడల్ మీద పాదం తనకు నచ్చిన కోణంలో సర్దుకునేది, ఇప్పుడు క్లీట్ ఎలా బిగిస్తే అలా ఉండాలి. నంది ఎక్కేటప్పుడు ఎక్కువ అవడానికి కారణం కూడా ఇలాంటిదే. ఘాట్‌లో చాలామంది తెలియకుండానే సీటు వెనక అంచుకు జరుగుతారు. దాంతో కాలు ఇంకాస్త చాచాల్సి వస్తుంది, పైగా పెద్ద గేరులో కేడెన్స్, అంటే నిమిషానికి పెడల్ తిప్పే లెక్క, 55కి పడిపోయి ఒక్కో తొక్కుడుకు బలం ఎక్కువ పడుతుంది.

సీటు ఎత్తు కొలవడం. గోడకు ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పైదాకా, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడితో పెట్టి, పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలవండి, అదే మీ ఇన్‌సీమ్. దాన్ని 0.883తో గుణించండి. క్రాంక్ ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా, సీటు ట్యూబ్ వెంబడి ఉండాల్సిన ఎత్తుకు అది మంచి మొదటి అంచనా. అదే వేదం కాదు. పొడవాటి పాదాలున్నవాళ్లకూ, మడమ దించి తొక్కేవాళ్లకూ కొంచెం తేడా వస్తుంది. అందుకే కోణం కూడా చూడాలి.

కోణం చూడటానికి దాన్ని కొలిచే పరికరం గోనియోమీటరే అక్కర్లేదు. ఇంట్లో బొట్టుబిళ్లలు ఉంటాయిగా, మూడు చాలు. ఒకటి తుంటి పక్కన బయటికి తగిలే ఎముక మీద, ఒకటి ఇందాకటి మోకాలి బుడిపె మీద, ఒకటి చీలమండ బయటి ఎముక మీద అతికించండి. సైకిల్‌ను ఇంట్లోనే నిలిపి తొక్కే ట్రైనర్ మీద పది నిమిషాలు తొక్కి ఒళ్లు వేడెక్కాక, ఫోన్‌ను మోకాలి ఎత్తులో స్టూల్ మీద పక్కనుంచి పెట్టి స్లో మోషన్ వీడియో తీయండి. పెడల్ అడుగున ఉన్న ఫ్రేమ్ దగ్గర ఆపి మూడు చుక్కలూ కలిపి, మోకాలి దగ్గర వచ్చిన కోణాన్ని 180 నుంచి తీసేస్తే వంపు ఎన్ని డిగ్రీలో తెలుస్తుంది. తొక్కుతుండగా తీసిన వీడియోలో, నిలిపి కొలిచిన దానికన్నా వంపు కొన్ని డిగ్రీలు ఎక్కువే కనిపిస్తుంది, కాబట్టి వీడియోలో 25 కూడా లేదంటే సీటు ఎక్కువే ఉన్నట్టు. వెనకనుంచి కూడా ఒక వీడియో తీయండి. నడుము అటూ ఇటూ ఊగుతుంటే, లేదా ఒక్క కుడివైపే కిందికి జారుతుంటే, ఆ కాలికి పెడల్ అందట్లేదని అర్థం.

దించేటప్పుడు ఒకేసారి రెండు సెంటీమీటర్లు దించకండి. 5 మి.మీ. దించి, రెండు మూడు రైడ్‌లు చూసి, మళ్లీ 5. సీట్‌పోస్ట్ మీద టేప్ ముక్కతో పాత గుర్తు ఉంచుకోండి. సీట్ ట్యూబ్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పది మి.మీ. దిగితే సీటు సుమారు మూడు మి.మీ. ముందుకు కూడా వస్తుంది. మీ నొప్పికి అది మంచిదే, విడిగా సర్దక్కర్లేదు. మరీ దించేస్తే మాత్రం మోకాటి చిప్ప వెనుక నొప్పి మొదలవుతుంది. బయటి నొప్పి పోయి ముందు నొప్పి వచ్చిందంటే హద్దు దాటారన్నమాట.

క్లీట్. బల్ల అంచు మీద కూర్చుని కాళ్లు వదులుగా వేలాడదీయండి. పాదాలు వాటంతట అవి ఎటు చూస్తున్నాయో గమనించండి. చాలామందికి కాస్త బయటికే చూస్తాయి, రెండు కాళ్లూ ఒకేలా ఉండాలని కూడా లేదు. ఇప్పుడు షూ అడుగున చూడండి. కుడి క్లీట్ వల్ల పాదం ముందు భాగం లోపలికి, అంటే ఫ్రేమ్ వైపు తిరిగి ఉంటే, మోకాలి కింది ఎముక కూడా లోపలికి తిరిగి ఐటీ బ్యాండ్ ఇంకా బిగుసుకుంటుంది. ఇక్కడ అందరూ తికమక పడతారు: పాదం వేళ్లు బయటికి తిరగాలంటే క్లీట్ ముక్కును షూ లోపలి అంచు వైపు తిప్పాలి, ఎందుకంటే పెడల్‌లో క్లీట్ ముక్కు ఎప్పుడూ నేరుగా ముందుకే చూస్తుంది, తిరిగేది షూ. అలాగే పాదాలు మరీ దగ్గరగా ఉంటే క్లీట్‌ను మొత్తంగా షూ లోపలి అంచు వైపు జరిపితే పాదం రెండు మూడు మి.మీ. బయటికి వస్తుంది. అదీ ఈ నొప్పికి మేలే.

బోల్టులు వదులు చేసే ముందు క్లీట్ చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోండి, లేకపోతే ఎంత తిప్పారో మీకే తెలియదు. క్లీట్ రంగు కూడా చూడండి. షిమానో ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ అయితే పసుపు రంగుదానికి పాదం అటూ ఇటూ తిరగడానికి 6 డిగ్రీల ఆట ఉంటుంది, నీలానికి 2, ఎరుపుకు సున్నా. ఎవరో "ప్రో వాళ్లు వాడేది" అని ఎర్రవి అంటగట్టి ఉంటే మార్చేసి పసుపు వేయించుకోండి.

ఒక కేసు చెప్తాను, ఇందులో ఉన్న మెలిక మీక్కూడా పనికొస్తుంది. అనంతపురం కుర్రాడు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, సెకండ్ హ్యాండ్ బైక్ కొన్నాడు. మీలాగే కుడి మోకాలు బయటివైపు, 40 కి.మీ. దగ్గర మొదలు. ఇన్‌సీమ్ 81 సెం.మీ., అంటే సీటు ఎత్తు 71.5 దగ్గర ఉండాలి. ఉన్నది 73.6. పాత ఓనరు పొడుగు మనిషి, ఇతను కొన్నాక సీటు మార్చనే లేదు. నిలిపి కొలిస్తే మోకాలి వంపు 20 డిగ్రీలు. వెనకనుంచి చూస్తే ప్రతి తొక్కుడుకూ కుడి నడుము కిందికి జారుతోంది, కుడి పాదం కాలివేళ్ల మీద నిలబడ్డట్టు చాచుకుంటోంది. కుడి క్లీట్ వల్ల వేళ్లు లోపలికి చూస్తున్నాయి.

మూడు విడతల్లో సీటు 71.9కి దించాం, కోణం 31కి వచ్చింది. మొదటి విడత తర్వాత "సార్, బలం తగ్గిపోయినట్టుంది, చిన్నపిల్లల సైకిల్ తొక్కినట్టుంది" అని ఒకటే గోల. అందరూ అంటారు. ఒంటికి పాత ఎత్తు అలవాటై ఉంటుంది, వారం పది రోజుల్లో ఆ భావన పోతుంది. క్లీట్ ముక్కు లోపలికి తిప్పి, క్లీట్‌ను రెండు మి.మీ. లోపలికి జరిపాం. ఇంట్లో ట్రైనర్ మీద గంటన్నర తొక్కినా నొప్పి లేదు. ఆదివారం కనకపుర రోడ్‌లో మాత్రం 50 దాటగానే మళ్లీ అదే నొప్పి.

అదే సైకిల్, అదే షూస్, ఇంట్లో లేని నొప్పి రోడ్డు మీద ఎలా వస్తోంది? ఈసారి ఆదివారం ఎలా బయల్దేరతావో అలాగే తీసుకురా అన్నాను. సీటుకు జెల్ కవర్ తొడిగి తెచ్చాడు! లాంగ్ రైడ్‌లకు మాత్రమే వేసుకుంటాడట, క్లినిక్‌కు వచ్చేటప్పుడు శుభ్రంగా ఉండాలని తీసేసి తెచ్చేవాడు. కూర్చున్నాక కవర్ అణిగినా దాదాపు ఒక సెంటీమీటరు మిగిలింది. మోకాలి కోణం మళ్లీ 25 కిందికి వెళ్లిపోయింది. కవర్ తీసేశాక నొప్పి మెల్లగా వెనక్కి తగ్గింది, పిరుదుల నొప్పికి అతని కూర్చునే ఎముకలకు సరిపోయే వెడల్పు సీటు చూసుకున్నాడు. మీరు కూడా ఏం కొలిచినా, నొప్పి వచ్చే రోజు ఉండే షూస్, షార్ట్స్, సీటు కవర్‌తోనే కొలవండి.

ఇక వ్యాయామాలు. నడిచేటప్పుడూ పరిగెత్తేటప్పుడూ నడుమును పక్కకు జారకుండా పట్టుకునే కండరం పిరుదు పక్కన, ప్యాంటు వెనక జేబు పైభాగంలో ఉంటుంది, గ్లూటియస్ మీడియస్. సైకిల్ మీద కూర్చునే తొక్కుతాం కాబట్టి దానికి పెద్దగా పని పడదు. రోజంతా కుర్చీలో, ఆ తర్వాత ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో కారు సీట్లో, ఆదివారం సైకిల్ సీటు మీద. దానికి పని చెప్పేదెప్పుడు? అది బలహీనంగా ఉండటమే ఈ నొప్పికి కారణమా అంటే పరిశోధనల్లో ఒకే మాట లేదు. 2000లో అమెరికాలో ఈ నొప్పి ఉన్న 24 మంది రన్నర్లను పరుగు ఆపించి, ఆరు వారాలు తుంటి వ్యాయామాలు చేయిస్తే 22 మంది నొప్పి లేకుండా మళ్లీ పరుగు మొదలుపెట్టారు. కానీ పోల్చి చూడటానికి వ్యాయామం చేయని రోగుల గుంపు లేదు, పైగా వాళ్లు సైక్లిస్టులు కాదు. అయినా నేను చేయిస్తాను. సీటు సరిచేస్తే నొప్పి తగ్గుతుంది, తుంటి బలం ఉంటే 150వ కిలోమీటరు దగ్గర అలిసిపోయినప్పుడు నడుము జారకుండా ఉంటుంది.

మీకు రెండు చాలు, రోజు విడిచి రోజు.

మొదటిది గోడ దగ్గర. గోడకు వీపు, పిరుదులు, మడమలు ఆనేలా ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. కుడి మడమను గోడకు నొక్కుతూ, గోడ మీద జార్చుతూ కాలు పైకి ఎత్తండి. వేళ్లు ఆకాశం వైపు తిరగకూడదు, ముందుకే చూడాలి. పైన రెండు సెకన్లు ఆపి మెల్లగా దించండి. 12 నుంచి 15 సార్లు, మూడు సెట్లు. మంట వెనక జేబు దగ్గర తెలియాలి. తుంటి ముందు వైపు పట్టేస్తుంటే కాలు గోడ వదిలి ముందుకు వచ్చిందన్నమాట. అప్పుడు పని చేస్తున్నది ఐటీ బ్యాండ్‌ను లాగే కండరమే, దాన్ని బలపరచడం మన ఉద్దేశం కాదు.

రెండోది మెట్టు మీద. కుడి కాలితో మెట్టు అంచున నిలబడి, గోడను వేలితో పట్టుకుని, ఎడమ కాలు గాలిలో వదిలేయండి. కుడి మోకాలు వంచకుండా ఎడమ నడుమును కిందికి జార్చి, మళ్లీ కుడి పిరుదు బలంతో పైకి తీసుకురండి. కదలాల్సింది నడుమే, మోకాలు కాదు. పది చొప్పున మూడు సెట్లు. సులువైపోయాక ఎడమ చేత్తో 5 లీటర్ల నీళ్ల క్యాన్ పట్టుకోండి. మూడు నాలుగు వారాలకు, నోబుల్ టెస్ట్‌లో నొప్పి తగ్గాక, అద్దం ముందు ఒంటికాలి మీద కొద్దిగా కూర్చుని లేవడం కలపొచ్చు. మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలుతుంటే ఇంకా తొందరపడ్డట్టే.

రెండు కాళ్లకూ చేయండి, కుడివైపు ఒక సెట్ ఎక్కువ.

రైడ్‌ల విషయానికొస్తే, మీకు 30 దగ్గర మొదలవుతోంది కాబట్టి మొదటి రెండు మూడు వారాలు 20కి మించకండి. హెబ్బాళ్ నుంచి యెలహంక దాకా వెళ్లి వెనక్కి రండి, చిన్న గేరులో, కేడెన్స్ 85 పైన. నంది వద్దు. పదికి రెండు దాటని నొప్పి ఫర్వాలేదు, కానీ మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు తెలియకూడదు. తెలిసిందంటే కిందటి రైడ్ ఎక్కువైనట్టు. తెలియకపోతే వారానికి ఐదారు కిలోమీటర్లు పెంచండి. దూరం 60కి వచ్చాకే ఘాట్ కలపండి, రెండూ ఒకే వారం పెంచకండి. మాత్ర వేసుకుని రైడ్‌కు మాత్రం వెళ్లకండి. ఎక్కడ ఆగాలో చెప్పేది ఆ నొప్పే, దాన్నే నోరు మూయిస్తే 30 దగ్గర ఆగాల్సినవాళ్లు 80 దాకా పోతారు. రైడ్ అయ్యాక పది పదిహేను నిమిషాలు గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, అంతకు మించి దాని నుంచి ఆశించకండి.

మోకాలు వాచినా, పట్టేసి కదలకపోయినా, నడుస్తుంటే జారిపోతున్నట్టున్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా, లేదా పడ్డాక మొదలైన నొప్పి అయినా ఇవన్నీ పక్కనపెట్టి ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకోండి. ఇవేవీ లేకుండా, పైవన్నీ నిజంగా చేసి ఎనిమిది వారాల్లో మార్పు లేకపోతే అప్పుడు ఎమ్మారైకి అర్థముంది.

బ్రెవే గురించి: 200 కి.మీ.కు 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు, వేగం ఇబ్బంది కాదు. అక్టోబర్ ఆఖరుకు నొప్పి లేకుండా 80, నవంబర్ ఆఖరుకు 120 తొక్కగలిగితే వెళ్లండి. నవంబర్‌లో ఇంకా 50 దగ్గర ఆగిపోతుంటే ఈసారికి వదిలేయండి, ఫీజు పోతే పోయింది. ఆ రెండు వీడియోలూ, సీటు ఎత్తూ, ఇన్‌సీమూ, క్లీట్ రంగూ ఇక్కడే పెట్టండి, ఎంత దించాలో చూసి చెప్తాను.